ధరల గ్రాఫు 180 దగ్గర మొదలైతే: సంపాదకునికి రాసిన లేఖ చూసి పెట్టగలరా?

బురుజు నీడ (కర్నూలు), 2024 నవంబరు 14, ఉదయం 7:40

సభ్యులందరికీ నమస్కారం. నిన్న, అంటే 13వ తేదీన, నేను రోజూ చదివే దినపత్రికలో అక్టోబరు నెల ధరల పెరుగుదల మీద ఒక వ్యాసం వచ్చింది. దాని పక్కన రెండు నిలువు కమ్మీలతో ఒక గ్రాఫు వేశారు. ఎడమవైపున ఉన్నది 2023 అక్టోబరు కమ్మీ, దాని నెత్తిన 185.3 అని ఉంది. కుడివైపున ఉన్నది 2024 అక్టోబరు కమ్మీ, దాని నెత్తిన 196.8 అని ఉంది. మొదటి దానికి నీలం రంగు, రెండవ దానికి ఎరుపు రంగు పూశారు. పైన పెద్ద అక్షరాలతో "ఏడాదిలో ఎగబాకిన ధరలు" అని శీర్షిక పెట్టారు.

చూడగానే కుడి కమ్మీ ఎడమ కమ్మీకి మూడు రెట్లు ఉన్నట్టు అనిపించింది. మనవరాలి జామెట్రీ పెట్టెలోంచి స్కేలు తీసి కొలిచాను. ఎడమది 2.1 సెంటీమీటర్లు, కుడిది 6.7 సెంటీమీటర్లు ఉన్నాయి. నిలువు గీతను కళ్లద్దాలు సరిచేసుకుని చూస్తే అడుగున సున్నాకు బదులు, చీమ తలకాయంత అక్షరాల్లో 180 అని ఉంది. సంపాదకునికి లేఖ రాద్దామని కూర్చున్నాను. చిత్తుప్రతి ఇది:

"అయ్యా, మీ పత్రికలో వచ్చిన గ్రాఫు పాఠకులను మోసగించేదిగా ఉన్నది. ధరలు మూడు రెట్లు పెరిగినట్లు చూపి, ప్రజలను భయభ్రాంతులకు గురిచేయడం మీకు తగదు. నిజానికి ధరలు 11.5 శాతం మాత్రమే పెరిగినవి. ఎవరి ప్రయోజనాల కోసం ఈ గ్రాఫు వేశారో ప్రజలకు తెలియాలి. ఇట్లు, ఒక పాఠకుడు."

ఇందులో తప్పులేమైనా ఉంటే మొహమాటపడకుండా చెప్పండి.

లెక్కల మాస్టారు (కర్నూలు), నవంబరు 14, ఉదయం 9:15

అయ్యా, మీరు స్కేలు పట్టుకుని కొలవడం చాలా మంచి పని. గ్రాఫు మీద ఫిర్యాదు చేసేవారిలో నూటికి తొంభై మంది ఆ పని చేయరు. కానీ లేఖను ఈ రూపంలో పంపకండి, ఎందుకంటే పత్రిక తప్పును ఎత్తిచూపే లేఖలోనే ఒక తప్పు దొర్లింది.

185.3, 196.8 అనేవి రూపాయలూ కావు, శాతాలూ కావు. అవి వినియోగదారుల ధరల సూచీ అంకెలు. 2012వ సంవత్సరపు ధరలను 100గా పెట్టుకుంటే ఇప్పటి ధరలు ఎంత అయ్యాయో ఆ సూచీ చెబుతుంది. 185.3 నుంచి 196.8కి వెళ్లినప్పుడు పెరిగినవి 11.5 పాయింట్లు, 11.5 శాతం కాదు. శాతం కావాలంటే ఆ 11.5ను 185.3తో భాగించి నూటితో హెచ్చించాలి. అలా చేస్తే 6.21 వస్తుంది. 12వ తేదీ సాయంత్రం జాతీయ గణాంక కార్యాలయం ప్రకటించిన ద్రవ్యోల్బణం రేటు కూడా అచ్చంగా ఇదే, 6.21 శాతం. మీ లేఖలో 11.5 శాతం అని ఉంటే, పత్రికవారు ఆ ఒక్క మాట పట్టుకుని మిగతాదంతా పక్కన పడేస్తారు.

ఇక గ్రాఫు విషయానికి వస్తే, కమ్మీ రేఖాచిత్రంలో కంటికి కనిపించేది కమ్మీ పొడవు. పొడవే విలువ అని చదువరి అనుకుంటాడు, అలా అనుకోవడంలో అతని తప్పేమీ లేదు. అడుగున 180 పెట్టినప్పుడు ఎడమ కమ్మీ పొడవు 185.3లోంచి 180 తీసేయగా మిగిలిన 5.3కు సమానమవుతుంది, కుడి కమ్మీ పొడవు 16.8కి సమానమవుతుంది. 16.8ని 5.3తో భాగిస్తే మూడుకు కొంచెం పైనే వస్తుంది. మీ స్కేలు చెప్పిన 6.7, 2.1 కూడా ఆ లెక్కకే సరిపోతున్నాయి, కాబట్టి గీసినవారు కొలత తప్పలేదు. కొలత మొదలుపెట్టిన చోటే తప్పింది.

గ్రాఫులో కనిపించే పెరుగుదల, అంకెల్లో ఉన్న పెరుగుదలకు ఎన్ని రెట్లుందో చూడాలని అమెరికా గణాంక నిపుణుడు ఎడ్వర్డ్ టఫ్టీ 1983లో ఒక కొలమానం ప్రతిపాదించాడు. నిజాయితీగల బొమ్మకు అది ఒకటికి దగ్గరగా ఉండాలి. ఇక్కడ కంటికి కనిపించే పెరుగుదల దాదాపు 219 శాతం, అంకెల్లో ఉన్నది 6.2 శాతం. అంటే బొమ్మ విషయాన్ని ముప్పై అయిదు రెట్లు పెంచి చూపింది.

అదే కాగితం మీద, అదే 6.7 సెంటీమీటర్ల ఎత్తులో, సున్నా నుంచి గీసి ఉంటే ఎడమ కమ్మీ 6.3 సెంటీమీటర్లు ఉండేది. రెండింటి మధ్య తేడా నాలుగు మిల్లీమీటర్లు, అంటే వేరుసెనగ గింజ మందం కంటే తక్కువ.

కోడ్ అనంత (అనంతపురం), నవంబరు 14, ఉదయం 10:02

మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఏ గ్రాఫు అయినా సున్నా నుంచే మొదలవాలి, అలా మొదలుకాని ప్రతి గ్రాఫూ మోసమే. లేఖలో ఆ నియమాన్ని ఒక్క వాక్యంగా రాస్తే సరిపోతుంది కదా, ఇంత వివరణ ఎందుకు?

పెన్నా ఒడ్డు (కడప), నవంబరు 14, ఉదయం 10:48

మీ అందరి చర్చ చదివాను. ధరలు పెరగలేదని పెద్దమనుషులు ఇంతమంది కూర్చుని లెక్కలు కడుతున్నారంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. వారానికి రెండుసార్లు మార్కెట్టుకు వెళ్లి సంచి మోసుకొచ్చేది నేను. ఉల్లిగడ్డలు, టమోటాలు, బంగాళాదుంపలు, వంటనూనె, దేని దగ్గరికి వెళ్లినా పోయినేడు ఇచ్చిన డబ్బుకు ఇప్పుడు సంచిలో సగమే నిండుతోంది. ఆరు శాతమట! ఆ అంకెను కట్టినవారిని ఒక్క నెల మా ఇంట్లో వంట చేయమనండి. నాకైతే పత్రికలో వేసిన ఎర్ర కమ్మీయే నిజమనిపించింది, దాన్ని తప్పుపడుతూ లేఖ రాయడం ఎందుకో అర్థం కాలేదు.

బురుజు నీడ (కర్నూలు), నవంబరు 14, ఉదయం 11:30

మాస్టారు గారికి కృతజ్ఞతలు. 11.5 శాతం అని రాసినందుకు సిగ్గుపడుతున్నాను. ముప్పై ఏళ్లు చిట్టా ఆవర్జాలు రాసినవాడినే, తీసివేత చేసి దానికే శాతం అని పేరు పెట్టేశాను.

కడప అక్కయ్య గారు, ధరలు పెరగలేదని నేను ఎక్కడా అనలేదు. ఎంత పెరిగాయో అంతే గీయమని అడుగుతున్నాను.

లెక్కల మాస్టారు (కర్నూలు), నవంబరు 14, మధ్యాహ్నం 1:20

రెండు మాటలకు జవాబు చెప్పాలి. ముందు కడప అమ్మ గారికి చెబుతాను, ఎందుకంటే వారు అడిగినది అసలు ప్రశ్న.

అమ్మా, మీ సంచి అబద్ధం చెప్పడం లేదు. అదే ప్రకటనలో కూరగాయల ధరలు ఏడాదిలో 42.18 శాతం పెరిగాయని ఉంది. ఆహార పదార్థాలన్నింటినీ కలిపి చూస్తే పెరుగుదల 10.87 శాతం. మరి మొత్తం అంకె 6.21 ఎలా అయిందంటే, ఈ సూచీ కట్టేటప్పుడు దేశంలోని సగటు కుటుంబం నూరు రూపాయలు ఖర్చు పెడితే అందులో కూరగాయలకు ఆరు రూపాయలు పోతాయని లెక్క వేసుకున్నారు. తిండీ పానీయాలూ అన్నీ కలిపి దాదాపు 46 రూపాయలు. మిగిలినది ఇంటి అద్దె, బట్టలు, వైద్యం, చదువులు, బస్సు ఛార్జీలు, ఫోను బిల్లుల వంటి వాటికి పోతుంది, అవి కూరగాయలంతగా పెరగలేదు. మీ ఇంట్లో నూటికి పదిహేను రూపాయలు కూరలకే పోతుంటే, మీ ఇంటి ద్రవ్యోల్బణం ప్రభుత్వం చెప్పిన దానికంటే ఎక్కువే ఉంటుంది. పైగా ఆ వాటాలను 2011-12లో జరిపిన ఇంటి ఖర్చుల సర్వే నుంచి తీసుకున్నారు, ఇప్పటి బతుకు తీరుకు అవి ఎంతవరకు సరిపోతాయన్నది అర్థశాస్త్రవేత్తల మధ్యే తేలని తగువు.

ఇందులో పత్రిక చేయగలిగిన మంచి పని ఒకటుంది. కూరగాయలు 42, ఆహారం మొత్తం 11, అన్నీ కలిపి 6 అని మూడు కమ్మీలు సున్నా నుంచి గీసి ఉంటే, మీ సంచిలో ఉన్న నిజమూ సూచీలో ఉన్న నిజమూ ఒకే బొమ్మలో కనిపించేవి. అడుగు కోసి పెంచిన ఎర్ర కమ్మీ మీ కష్టాన్ని చెప్పడం లేదు, అందులో ఉల్లిగడ్డ ధర ఎక్కడా లేదు.

ఇక అనంతపురం అబ్బాయి గారికి. మీరు చెప్పిన నియమం కమ్మీలకు సరైనదే, కానీ అన్ని గ్రాఫులకూ వర్తించదు. ఆసుపత్రిలో మంచం కాళ్ల దగ్గర వేలాడే జ్వరం చార్టును తలచుకోండి. దాన్ని సున్నా డిగ్రీల నుంచి గీస్తే 98.6కూ 102కూ తేడా గోరంత కూడా ఉండదు, రోగి మూలుగుతుంటే గీత మాత్రం తిన్నగా పడుకుని ఉంటుంది. గీతల గ్రాఫులో మనం చూసేది వాలు, పొడవు కాదు. అందుకే అక్కడ అడుగు అంకె సున్నా కానవసరం లేదు, అయితే ఆ అంకెను స్పష్టంగా రాయాలి. లేఖలో "ప్రతి గ్రాఫూ సున్నా నుంచే" అని రాస్తే, తెలిసిన సంపాదకుడు ఆ ఒక్క వాక్యంతోనే మన నోరు మూయిస్తాడు.

డెస్కు మాజీ (కర్నూలు), నవంబరు 14, రాత్రి 9:10

నేను పదకొండేళ్లు ఒక పత్రిక డెస్కులో ఉపసంపాదకుడిగా పనిచేశాను. మీరు చెబుతున్న పత్రిక కాదు, వేరే పత్రిక. ఇలాంటి గ్రాఫులు ఎలా పుడతాయో చెబితే లేఖ ఏ స్వరంలో ఉండాలో తేలుతుంది.

సూచీ ప్రకటన సాయంత్రం వస్తుంది. వార్త అనువాదమై పేజీలోకి వచ్చేసరికి ఎనిమిది దాటుతుంది. పేజీలో రెండు కాలమ్‌ల ఖాళీ మిగిలితే, అక్కడో గ్రాఫు పెట్టమని ఒక కేక వినిపిస్తుంది. పిల్లవాడు ఎక్సెల్‌లో రెండు అంకెలు కొట్టి కమ్మీలు తెప్పిస్తాడు. ఎక్సెల్‌కు ఒక అలవాటు ఉంది. అంకెల్లో అన్నిటికంటే పెద్దదానికీ చిన్నదానికీ మధ్య తేడా, పెద్ద అంకెలో ఆరో వంతు కంటే తక్కువగా ఉంటే, అది తనంతట తానే సున్నాను వదిలేసి పైనుంచి మొదలుపెడుతుంది. ఇక్కడ తేడా 11.5, పెద్ద అంకెలో ఆరో వంతు దాదాపు 33. కాబట్టి ఎవరూ ఏమీ చేయకపోయినా అడుగు తెగిపోతుంది. దాన్ని సరిచేయాలంటే నిలువు గీత మీద నొక్కి `Format Axis` లోకి వెళ్లి `Minimum` దగ్గర 0 అని కొట్టాలి. రాత్రి తొమ్మిదింటికి ఆ పని గుర్తుకు వచ్చేవారు తక్కువ.

అన్నిసార్లూ అమాయకంగానే జరుగుతుందని కూడా నేను అనను. సున్నా నుంచి గీస్తే రెండు కమ్మీలూ కవల పిల్లల్లా నిలబడతాయి, "దీంట్లో వార్తేముంది, కొంచెం లేపండి" అన్న మాట నా చెవులతో నేను విన్నాను. ఏది జరిగిందో బయటి నుంచి తేల్చలేం. కాబట్టి "మోసం", "ఎవరి ప్రయోజనాల కోసం" అన్న మాటలు తీసేయండి. మనం నిరూపించగలిగినది అడుగున ఉన్న 180 ఒక్కటే.

లేఖ నూటయాభై మాటలకు మించకూడదు. తేదీ, పేజీ సంఖ్య, వ్యాసం శీర్షిక మొదటి వాక్యంలోనే రావాలి. అడగదలచినది ఒకటే ఉండాలి. "ఒక పాఠకుడు" అని సంతకం చేస్తే నేరుగా చెత్తబుట్టలోకి పోతుంది, పేరూ ఊరూ ఫోను నంబరూ ఇవ్వండి, నంబరును వాళ్లు అచ్చువేయరు.

వేరుసెనగ కాయ (అనంతపురం), నవంబరు 14, రాత్రి 10:25

ఈ 6.21 శాతాన్ని బట్టే కదా పింఛనుదారులకు కరవు భత్యం పెంచేది? అలా అయితే అంకె పెద్దదిగా కనిపిస్తే మనకే లాభం. మాకు రావలసిన బకాయిలు ఎన్ని వాయిదాలు ఆగిపోయాయో లెక్క లేదు. ఈ విషయం కూడా లేఖలో ఒక ముక్క చేర్చండి.

లెక్కల మాస్టారు (కర్నూలు), నవంబరు 15, ఉదయం 6:50

కరవు భత్యానికి చూసేది వేరే సూచీ అండీ. దాన్ని సిమ్లాలోని లేబర్ బ్యూరో పారిశ్రామిక కార్మికుల కోసం కడుతుంది. గ్రాఫు ఎంత పొడుగ్గా గీసినా భత్యం ఒక్క రూపాయి కూడా పెరగదు. బకాయిల బాధ నాకూ ఉంది, కానీ అది వేరే లేఖ.

కోడ్ అనంత (అనంతపురం), నవంబరు 15, ఉదయం 8:35

జ్వరం చార్టు మాట ఒప్పుకుంటున్నాను. అయితే ఇంకో సందేహం వచ్చింది. ఈ సూచీ 100తో మొదలైందని మీరే అన్నారు. సూచీ సున్నా కావడమంటే వస్తువులన్నీ ఉచితంగా రావడమే, అది జరిగే పని కాదు. అలాంటప్పుడు కమ్మీలకు సున్నా కంటే 100ను అడుగు చేయడమే సబబు కదా?

లెక్కల మాస్టారు (కర్నూలు), నవంబరు 15, ఉదయం 9:40

ఇది మంచి ప్రశ్న, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. 100 నుంచి గీస్తే కమ్మీ పొడవులు 85.3, 96.8 అవుతాయి. అంటే 2012 నుంచి పెరిగినది ఎంతో ఆ కమ్మీ చెబుతుంది, ఆ మాట తప్పు కాదు. కానీ పక్కపక్కన పెట్టి చూసినవాడికి ఎడమ దానికంటే కుడిది పదమూడు శాతానికి పైగా ఎక్కువగా కనిపిస్తుంది, ఏడాది పెరుగుదల మాత్రం 6.21. "ఏడాదిలో ఎగబాకిన ధరలు" అన్న శీర్షిక కింద ఆ బొమ్మ కూడా రెట్టింపు చేసి చూపినట్టే అవుతుంది. నన్నడిగితే రెండు నెలల సూచీకి కమ్మీలే వద్దు. గడిచిన రెండేళ్ల ద్రవ్యోల్బణం రేటును నెలనెలకూ గీతగా గీస్తే, 2023 జూలైలో 7.44కు ఎక్కి, 2024 జూలైలో 3.60కి దిగి, మళ్లీ ఇప్పుడు 6.21కి లేవడం కనిపిస్తుంది. వార్త ఆ మలుపులోనే ఉంది.

డెస్కు మాజీ (కర్నూలు), నవంబరు 15, ఉదయం 10:15

మాస్టారూ, ఆ గీతతో ఇంకో ప్రమాదం ఉంది. 7.44 నుంచి 3.60కి గీత దిగితే, ధరలు సగానికి తగ్గాయని చదువుకునేవారు వేలల్లో ఉంటారు. తగ్గింది పెరిగే వేగమే కానీ ధర కాదని గ్రాఫు కింద ప్రతిసారీ రాయలేము, రాసినా చదవరు. నేనైతే కమ్మీల వైపే ఉంటాను, సున్నా నుంచి.

లెక్కల మాస్టారు (కర్నూలు), నవంబరు 15, ఉదయం 10:32

నాలుగు మిల్లీమీటర్ల తేడా చూపడానికి రెండు కాలమ్‌లు ఎందుకు దండగ? ఈ విషయంలో మనిద్దరికీ పొత్తు కుదరదు.

బురుజు నీడ (కర్నూలు), నవంబరు 15, సాయంత్రం 5:05

మీ వాదం మీరు కొనసాగించండి, నేను లేఖ పంపేశాను. చివరికి ఇలా అయింది:

"సంపాదకులకు నమస్కారం. నవంబరు 13న మీ పత్రిక 7వ పేజీలో, 'ఏడాదిలో ఎగబాకిన ధరలు' శీర్షికతో వచ్చిన గ్రాఫులో నిలువు గీత సున్నాకు బదులు 180 వద్ద మొదలైంది. అందువల్ల 196.8ని చూపే కమ్మీ, 185.3ని చూపే కమ్మీకి మూడు రెట్లు పొడవుగా కనిపిస్తున్నది. స్కేలుతో కొలిస్తే అవి 6.7, 2.1 సెంటీమీటర్లు ఉన్నాయి. ఈ రెండు సూచీ అంకెల మధ్య పెరుగుదల 6.21 శాతం, మీ వ్యాసం మూడవ పేరాలో కూడా అదే ఉన్నది. కూరగాయల ధరలు 42 శాతం పెరిగిన మాట వాస్తవమే, ఆ భారాన్ని చూపదలిస్తే ఆ అంకెనే గ్రాఫుగా వేయవచ్చు. గ్రాఫును సున్నా నుంచి తిరిగి గీసి, సవరణగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను."

కూరగాయల వాక్యం కడప అక్కయ్య గారి కోసం చేర్చాను.

పెన్నా ఒడ్డు (కడప), నవంబరు 15, సాయంత్రం 6:20

చేర్చినందుకు సంతోషం. మాస్టారు చెప్పాక మా ఇంటి ఖర్చు పుస్తకం తీసి అక్టోబరు నెల ఖర్చులు కూడి చూశాను. తిండికే నూటికి అరవై రెండు రూపాయలు పోయాయి, అందులో కూరలకు పదిహేడు. మీ 46, మీ ఆరు మా ఇంటివి కావు.

బురుజు నీడ (కర్నూలు), నవంబరు 20, ఉదయం 7:15

ఈరోజు లేఖ అచ్చయింది. పదకొండు వరుసలు వచ్చాయి, సెంటీమీటర్ల వాక్యం తీసేశారు, సవరణ కోరిన చివరి వాక్యమూ లేదు. కింద సంపాదకుల మాట ఏమీ లేదు. వారి వెబ్‌సైటులో చూస్తే పాత గ్రాఫు అలాగే ఉంది, 180తో సహా.

కోడ్ అనంత (అనంతపురం), నవంబరు 20, ఉదయం 8:00

ఇంతకంటే అన్యాయం ఉందా? ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్దాం.

డెస్కు మాజీ (కర్నూలు), నవంబరు 20, ఉదయం 9:25

వెళ్లవచ్చు. ముందు సంపాదకునికి రాసి ఉండాలన్న షరతు మీరు తీర్చారు, దినపత్రిక విషయంలో ప్రచురణ తేదీ నుంచి రెండు నెలల గడువు ఉంటుంది. కానీ ఒక్క గ్రాఫు కోసం అంత దూరం పోవడం నాకు ఇష్టం లేదు. లేఖల పేజీ చూసేవారూ వెబ్‌సైటు చూసేవారూ వేర్వేరు మనుషులు, ఒకరికి వచ్చినది ఇంకొకరికి చేరదు. అచ్చయిన లేఖ ఫొటోనూ, పాత గ్రాఫు లింకునూ జతచేసి, గ్రాఫును మార్చమని వెబ్ డెస్కుకు రెండు వాక్యాల మెయిలు పెట్టండి. అక్కడ మార్చడానికి పేజీ ఖాళీ వెతకనవసరం లేదు.

బురుజు నీడ (కర్నూలు), నవంబరు 20, ఉదయం 9:50

మెయిలు పెట్టాను. సెంటీమీటర్ల వాక్యాన్ని ఇందులో మళ్లీ చేర్చాను.